రాగమాలికలో పల్లవికి తిరిగి రావడం దగ్గరే చిక్కు: సలహా కావాలి

కొత్తబాణీ
అందరికీ నమస్కారం. నేను రాసిన ఒక భక్తి పాటకు రాగమాలికగా బాణీ కడుతున్నాను. ఆదితాళం. పల్లవి, నాలుగు చరణాలు. ముందు సాహిత్యం పెడతాను, లేకపోతే నా బాధ అర్థం కాదు.

పల్లవి: తలుపు తీయవయ్య తామరకన్నుల సామి / నిలిచియున్నాను నీ వాకిట నేను

1. నీలిమబ్బు మేనివాడ, నెమలికన్ను సిగవాడ / పాలకడలి వెన్నెలను పరుపు చేసుకున్నవాడ

2. ఏనుగు మొర విన్ననాడు ఎంత పరుగు తీసితివో / నేను పిలువ నీ కాళ్ళకు నిదురపట్టెనా సామి

3. చేసిన తప్పులు దాచి చేతులు జోడించితిని / ఏ ముఖముతో నిన్ను ఎదుట నిలిచి అడిగెదను

4. గడియ పెట్టినది నేనె, గది లోపల నేనె / వెలుపల నిలిచినవాడ, వేచియున్నది నీవె

మొదటి చరణంలో రూపం చూసి మురిసిపోవడం, రెండోదానిలో దెబ్బలాట, మూడోదానిలో పశ్చాత్తాపం, నాలుగోదానిలో అసలు సంగతి తెలిసి కుదుటపడడం. అందుకని పల్లవి మోహనం, చరణాలకు వరుసగా కల్యాణి, అఠాణా, శుభపంతువరాళి, మధ్యమావతి అనుకున్నాను. దేనికది విడిగా పాడుకుంటే బాగానే ఉంది. మొత్తం కలిపి పాడిస్తే మాత్రం అతుకులు కనిపిస్తున్నాయి. మూడో చరణం అయ్యాక పల్లవి అందుకునేటప్పుడు పాడే అమ్మాయికి గాంధారం కిందికి జారుతోంది. మంచి శ్రుతిజ్ఞానం ఉన్న అమ్మాయే. ఇంకెక్కడా జారదు. రాగాలు మార్చాలా, ఇంకేదైనా చేయాలా?

తాళపత్రం
రాగమాలిక అన్నాక సాహిత్యంలో ఆయా రాగాల పేర్లు రావాలండి. దాన్నే రాగముద్ర అంటారు. మీ పాటలో ఒక్క రాగం పేరూ లేదు. ముత్తుస్వామి దీక్షితుల వారి 14 రాగాల మాలిక చూడండి, ప్రతి రాగం పేరూ సాహిత్యంలో ఎంత అందంగా ఒదిగిపోతుందో. ఇంకో సంగతి. ప్రతి చరణం చివర ఆ రాగంలో చిట్టస్వరం ఉండాలి. ఆఖరి చరణం అయ్యాక ఆ స్వరాలన్నీ వెనక నుంచి ముందుకు, అంటే విలోమంగా పాడుకుంటూ మొదటి రాగానికి చేరాలి. అది చేస్తే మీ అతుకుల సమస్య దానంతట అదే పోతుంది.

పద్యప్రియ
నేను భాగవత పద్యాలు రాగమాలికగా పాడుతుంటానండి. గజేంద్రమోక్షంలో "ఎవ్వనిచే జనించు" ఒక రాగంలో ఎత్తుకుని, తరువాతి పద్యానికి ఇంకో రాగంలోకి వెళ్తాను. మీరు చెప్పే ఇబ్బంది నాకెప్పుడూ రాలేదు. ఒక రాగం ముగించి, షడ్జం మీద కాసేపు నిలబడి, తరువాతి రాగం నెమ్మదిగా ఎత్తుకుంటే సరిపోతుంది. తొందరపడకండి, అంతే.

కొత్తబాణీ
పద్యప్రియ గారూ, మీ పద్యానికి తాళం లేదు కదండీ. నాకు ఆదితాళం నడుస్తూనే ఉంటుంది. చరణం ఆఖరి అక్షరానికీ పల్లవి ఎత్తుగడకూ మధ్య రెండు మూడు అక్షరాల చోటు కూడా లేదు. పల్లవి సమం మీదే ఎత్తుగడ.

పద్యప్రియ
అవును, పాటనే సంగతి పట్టించుకోలేదు. అయినా ఒక మాట. నేను షడ్జం మీద నిలిచేది నాకోసం కాదు. వయొలిన్ ఆయన కొత్త రాగానికి చేయి సర్దుకోవాలి, వినేవాళ్ళ చెవిలోంచి పాత రాగం దిగిపోవాలి. మీ పాటలో ఆ పని ఎవరు చేస్తున్నారో చూసుకోండి.

వీణాపాణి
పద్యప్రియ గారు చివర అన్న మాటలోనే జవాబు ఉంది. కొత్తబాణీ గారూ, మీరు రాగాల ఎంపిక గురించి అడుగుతున్నారు కానీ మీ చిక్కు కీళ్ళ దగ్గర ఉంది. నాలుగు చరణాలంటే పల్లవికి నాలుగు రాకలు. ఒక్కోటీ విడిగా కట్టుకోవాలి. మీరు ఒకే పల్లవిని నాలుగుసార్లు అలాగే తగిలిస్తున్నారు.

ముందు మూడోది చూద్దాం. శుభపంతువరాళికీ మోహనానికీ ఉమ్మడిగా ఉన్నవి షడ్జ పంచమాలు రెండే. రిషభం, గాంధారం, ధైవతం మూడూ మారిపోతాయి. మీ చరణమంతా సాధారణ గాంధారం చెవిలో మోగుతూ ఉంటుంది. మీ పల్లవి "తలుపు" దేని మీద మొదలవుతుంది? చెప్పకపోయినా ఊహించగలను, అంతర గాంధారం మీదే అయి ఉంటుంది. చరణం చివర "అడిగెదను" ఏ స్వరం మీద ఆగుతోంది?

కొత్తబాణీ
పల్లవి గాంధారం మీదే అండి. "అడిగెదను" గాంధారం నుంచి రిషభం మీదుగా షడ్జానికి దిగుతుంది.

వీణాపాణి
అదే. చిన్న గాంధారం, చిన్న రిషభం తాకుతూ షడ్జానికి దించి, వెంటనే పెద్ద గాంధారం అందుకోమంటున్నారు. గొంతు ఇంకా పాత గాంధారం దగ్గరే ఉంటుంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఇలా చేసి చూడండి. చరణాన్ని షడ్జానికి దించకండి, పంచమం మీద నిలపండి. తరువాత ఒక్క ఆవర్తనం చిట్టస్వరం, అక్షరానికి రెండు స్వరాలు:

ప ద ని స ని ద ప మ | గ రి గ మ ప , , ,

ఆఖరి పంచమం రెండు అక్షరాల సేపు నిలబడుతుంది. పద్యప్రియ గారు షడ్జం మీద చేసే పని ఇక్కడ పంచమం చేస్తుంది. ఇక పల్లవిని ఈ ఒక్కసారికి గాంధారం మీద కాకుండా పంచమం మీదే ఎత్తుకోండి. "ప ప ద ప గ" అంటూ దిగితే, గాంధారం వచ్చేసరికి పెద్ద ధైవతం వినిపించేసి ఉంటుంది, చెవి మోహనంలోకి వచ్చేసి ఉంటుంది. కుదిరిందో లేదో తెలియాలంటే, పల్లవి మొదటి గాంధారం దగ్గర అమ్మాయిని ఆపి తంబురాతో పోల్చి చూసుకోమనండి. ఫోన్‌లో రికార్డు చేసి ఆ ఒక్క చోటే మళ్ళీ మళ్ళీ విన్నా తెలిసిపోతుంది.

తాళపత్రం గారూ, రాగముద్ర గొప్ప అందమే, కాదనను. అది లేకపోతే రాగమాలిక కాదనడం మాత్రం సరికాదు. స్వాతి తిరునాళ్ "భావయామి రఘురామం" మొదట సావేరిలో ఉన్న కృతి. సెమ్మంగుడి శ్రీనివాసయ్యర్ దాన్ని రాగమాలికగా మలిచారు. ఒక్క రాగం కోసం రాసిన సాహిత్యంలో మిగతా రాగాల పేర్లు ఎలా ఉంటాయి? సావేరిని పల్లవికి ఉంచి, చరణాలకు నాటకురంజి, ధన్యాసి, మోహనం, ముఖారి, పూర్వికల్యాణి, మధ్యమావతి పెట్టారు. మాయలేడి, సీతాపహరణం ఉన్న చరణం ముఖారికి పడింది. అక్కడ రాగాన్ని నడిపించింది కథే.

తాళపత్రం
ముద్ర విషయంలో ఒప్పుకుంటాను. చిట్టస్వరాల విలోమం మాత్రం వదలొద్దంటాను. మీరూ చిట్టస్వరమే వేయమన్నారు కదా!

వీణాపాణి
చిట్టస్వరం వేరు, చివర విలోమం వేరండి. దీక్షితుల వారి కృతి స్తుతి. అందులో ఒక మనిషి మనసు మొదట ఒకచోట ఉండి చివరికి ఇంకోచోటికి చేరడం లేదు. కాబట్టి రాగాల్ని వెనక్కి నడిపిస్తే దండ పూర్తయిన నిండుదనం వస్తుంది. ఈ పాట అలాంటిది కాదు. నాలుగో చరణంలో "గడియ పెట్టినది నేనె" అని తెలుసుకున్నవాడిని, మధ్యమావతి నుంచి శుభపంతువరాళికి, అక్కడి నుంచి అఠాణాకు తోసుకుంటూ పోతే మళ్ళీ ఏడిపించి, మళ్ళీ దెబ్బలాడించినట్టు అవుతుంది. ఈ సాహిత్యానికి విలోమం ఎదురు తిరుగుతుంది.

వయొలిన్_పక్కవాద్యం
నేను వేదిక మీద పక్కన కూర్చునేవాడిని, నా వైపు నుంచి రెండు మాటలు. కల్యాణి చరణం నుంచి మోహనానికి రావడం చాలా తేలికని మీరు అనుకుంటుంటారు. మోహనంలోని ఐదు స్వరాలూ కల్యాణిలో ఉన్నాయి మరి. నాకు భయం వేసేది సరిగ్గా అక్కడే. చరణం మొదట్లో ప్రతిమధ్యమం, నిషాదం వినిపించకుండా "గ ప ద స" పోకడలు పోతే రాగం మారిందని ఎవరికీ తెలియదు. నాకే తెలియక మోహనం వాయించేస్తూ ఉంటాను, మూడో ఆవర్తనంలో ఆమె మధ్యమం వేస్తుంది, ఇద్దరం గతుక్కుమంటాం. రాగం మొదటి మాటలోనే తెలిసిపోవాలి.

వీణాపాణి
చక్కగా పట్టుకున్నారు. పైగా ఈ సాహిత్యం దానికి సిద్ధంగా ఉంది. "నీలిమబ్బు" చూడండి. "నీ"ని నిషాదం మీద పెట్టి, "లి" ధైవత పంచమాల మీదుగా దింపి, "మ"ని ప్రతిమధ్యమం మీద నిలపండి. స్వరాక్షరం దానంతట అదే పడింది. మోహనంలో లేని రెండు స్వరాలూ మొదటి మాటలోనే వచ్చేశాయి. రెండో పాదం "పాలకడలి" పంచమం మీద ఎత్తుకుంటే ఇంకొకటి. కొత్తబాణీ గారు కావాలని రాశారో లేదో కానీ, దొరికిన స్వరాక్షరాన్ని వదులుకోకూడదు.

కొత్తబాణీ
కావాలని రాయలేదండి! నేను గాంధారం మీద మొదలుపెట్టి పైకి వెళ్ళాను. ఇప్పుడు మీరన్నట్టు పాడి చూస్తే మబ్బు కిందికి దిగివస్తున్నట్టే ఉంది. మార్చేస్తున్నాను.

భజనమండలి
మేము పదిహేను ఇరవై మందిమి కలిసి పాడుకుంటాం. ఇలాంటిదే ఒకటి నేర్పబోతే రాగం మారిన ప్రతిచోటా సగం మంది పాత రాగంలోనే ఉండిపోయారు. చివరికి పల్లవి అందరమూ, చరణాలు ఒక్కరే పాడేలా పెట్టుకున్నాం. అప్పుడు కుదిరింది. మీ పాట బృందం కోసమైతే శుభపంతువరాళి జోలికి పోవద్దని నా మనవి. సింధుభైరవి లాంటిది ఏదైనా పెట్టుకోండి, అందరికీ నోట పడుతుంది.

కొత్తబాణీ
ఒక్క గొంతు కోసమేనండి. కానీ మీ మాట నోట్ చేసుకున్నాను. బృందం పాడాల్సి వస్తే పల్లవి ఎత్తుగడ ప్రతిసారీ మార్చడం కుదరదు కదా అన్న ఆలోచన వచ్చింది.

భజనమండలి
అస్సలు కుదరదు. పల్లవి ఒక్కటే ఉండాలి. అందుకే మేము చరణం ఒక్కరికి అప్పగించి, ఆ ఒక్కరే పల్లవి మొదటి పాదం కూడా పాడి చూపించాక మిగతావాళ్ళు రెండోసారికి కలుస్తాం.

గాత్రవిద్యార్థి
నాదొక సందేహం. రెండో చరణంలో రెండో పాదానికి వచ్చేసరికి కోపం పోయి బతిమాలుకోవడం మొదలవుతుందనిపిస్తోంది. "నిదురపట్టెనా సామి" దగ్గర. అక్కడ రాగం మార్చరా? భావం మారినప్పుడల్లా రాగం మారాలి కదా?

వీణాపాణి
భావం మారినప్పుడల్లా మారిస్తే పాదానికో రాగం కావాలి, ఏ రాగమూ నిలబడదు. చరణానికి రెండే ఆవర్తనాలు ఇస్తే అఠాణా అయినా ఎవరికీ అంటదు. లోపలి మార్పుని రాగం లోపలే చూపించాలి. అఠాణా తారషడ్జం చుట్టూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి "ఏనుగు మొర", "ఎంత పరుగు" అక్కడే పాడాలి, గొంతు తెరిచి. "నేను పిలువ" కూడా పైనే. "నిదురపట్టెనా" దగ్గర మాత్రం "స ని ద ప" అని దిగి, "సామి" పంచమం మీద మెత్తగా విడిచిపెట్టండి. కోపం అక్కడితో చల్లబడుతుంది, రాగం మాత్రం మారదు. పల్లవికి రావడానికి దారి కూడా ఏర్పడుతుంది. తారషడ్జం మీద ఆపి ఒక్కసారిగా మధ్యస్థాయి గాంధారంలోకి దూకితే పల్లవి చప్పగా వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు నాకు అనుమానం ఉన్న చోటు. మూడో చరణానికి శుభపంతువరాళి సరైనదేనా? మీరు అతుకు వేసి నిలబెట్టుకోవచ్చు, దారి చెప్పాను. కానీ "చేసిన తప్పులు దాచి చేతులు జోడించితిని" అన్నవాడు దుఃఖంతో గుండెలు బాదుకోవడం లేదు, సిగ్గుతో తల దించుకున్నాడు. శుభపంతువరాళి బిగ్గరగా ఏడుస్తుంది. నేనైతే ముఖారి పెడతాను. మోహనంలోని రిషభం, పంచమం అందులోనూ ఉన్నాయి, ఎక్కేటప్పుడు పెద్ద ధైవతం కూడా తగులుతుంది. గాంధారం ఇక్కడా చిన్నదే కాబట్టి జాగ్రత్త తప్పదు, కానీ రిషభం మీద నిలిచి పల్లవిలోకి వెళ్ళే వీలు ఉంటుంది.

వయొలిన్_పక్కవాద్యం
ఇక్కడ నేను ఒప్పుకోలేను వీణాపాణి గారూ. ముందు చరణం అఠాణా. దాని మధ్యమం శుద్ధమధ్యమం, ముఖారిదీ శుద్ధమధ్యమమే, చివర మధ్యమావతిదీ అదే. వరుసగా మూడు రాగాలు ఒకే మధ్యమం మీద నడిస్తే రంగు మారినట్టు ఉండదు. శుభపంతువరాళి ప్రతిమధ్యమంతో అక్కడ చీకటి పడుతుంది, అందువల్లే తరువాత మధ్యమావతి అంత వెలుగ్గా వినిపిస్తుంది. మీరు సాహిత్యంలో మాట పక్కన మాట పెట్టి చూస్తున్నారు, నేను పాట మొత్తం విని చెబుతున్నాను.

వీణాపాణి
మధ్యమం మాట నిజమే. అది నేను తేలిగ్గా తీసుకోను. అయినా మధ్యలో మోహనం పల్లవి వస్తుంది, అందులో మధ్యమమే లేదు. చెవికి ప్రతిసారీ విరామం దొరుకుతుంది. ముఖారి ఏదో మధ్యమం కోసం కాక తన నడక కోసం గుర్తుపట్టే రాగం. మీకు చీకటి కావాలి, నాకు ఒదుగు కావాలి. ఇది కొత్తబాణీ గారు పాడించుకుని తేల్చుకోవాల్సిందే.

ఒకటి మాత్రం చెప్పాలి. ముఖారి అయితే ఆ చరణానికి నాలుగు ఆవర్తనాలకు తగ్గొద్దు. అది నెమ్మదిగా తెరుచుకునే రాగం, రెండు ఆవర్తనాల్లో మొహం కూడా చూపించదు. చరణాలన్నీ ఒకే కొలతలో ఉండాలన్న పట్టుదల వదిలేయండి. కల్యాణి రెండు ఆవర్తనాల్లో తెలిసిపోతుంది, దానికి అంతే చాలు.

కొత్తబాణీ
రెండూ పాడిస్తాను. నాలుగో చరణం గురించి ఎవరూ ఏమీ అనలేదు. అది బాగున్నట్టేనా? మధ్యమావతి కాబట్టి ముగింపుకు మంగళకరంగా ఉంటుందని పెట్టాను.

వీణాపాణి
రాగం సరిగ్గా ఉంది. ఉచ్చు మాత్రం అక్కడే ఉంది. మధ్యమావతిలో "ని స రి మ ప" పాడి, నిషాదాన్ని షడ్జం అనుకుని వినండి. మోహనం "స రి గ ప ద" వినిపిస్తుంది. అంటే చరణం చివర మంద్ర నిషాదం మీద నిలిస్తే, చెవి దాన్నే షడ్జం అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు పల్లవి ఒక స్వరం కిందికి మొదలవుతుంది, పాడేవాళ్ళకు అది తప్పుగా కూడా అనిపించదు! తంబురా సన్నగా వినిపించే చోట ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి "వేచియున్నది నీవె" దగ్గర నిషాదాన్ని తాకి వెళ్ళాలే గానీ నిలవకూడదు. చిట్టస్వరం ఇలా పెట్టుకోవచ్చు:

రి మ ప ని స రి స ని | ప మ రి ని స , , ,

షడ్జం మీద నిలుస్తుంది. అక్కడి నుంచి పల్లవి మీ మామూలు గాంధారం మీదే ఎత్తుకోవచ్చు.

గాత్రవిద్యార్థి
ఇప్పుడే హార్మోనియం మీద వాయించి చూశాను, నిషాదం పట్టుకుని ఉంచితే నిజంగానే మోహనం అయిపోయింది. ఇంకో ప్రశ్న అడగొచ్చా? నాలుగో చరణం తరువాత పల్లవి అర్థమే తిరగబడింది కదా. లోపల గడియ పెట్టుకున్నది వీడు, బయట నిలబడింది దేవుడు. మరి ఇప్పుడు "తలుపు తీయవయ్య" అని వీడు అడగడం ఏమిటి?

కొత్తబాణీ
ఆ చరణం రాసినప్పుడే నన్ను పట్టుకున్న ప్రశ్న అది. ఆఖరి పల్లవిని మోహనంలో కాకుండా మధ్యమావతిలోనే పాడిస్తే? మాటలు అవే, రాగం మారితే అడిగేవాడు మారినట్టు వినిపిస్తుందేమో.

తాళపత్రం
వద్దండి! పల్లవి రాగం మారితే ఇక ఆధారం ఏముంది? ఎన్ని రాగాలు తిరిగినా ఇంటికి వచ్చేది పల్లవికే. అది కూడా మారిపోతే అది మాలిక కాదు, వరుసగా పేర్చిన పాటలు. ఇక్కడ మాత్రం నేను వెనక్కి తగ్గను.

వీణాపాణి
తాళపత్రం గారితో సగం ఏకీభవిస్తాను. మధ్యమావతిలో పాడితే "తలుపు" గాంధారం పోతుంది. మధ్యమావతికి గాంధారమే లేదు. అప్పుడు పల్లవి బాణీ మొత్తం మళ్ళీ కట్టాలి, వినేవాళ్ళకు అది పల్లవి అని గుర్తుపట్టే ఆనవాలు కూడా మిగలదు. నేనైతే మోహనంలోనే ఉంచి, కాలం తగ్గించి, మొదటి పాదం ఒక్కటే పాడించి ఆపేస్తాను. "నిలిచియున్నాను నీ వాకిట నేను" అన్న రెండో పాదం ఇప్పుడు అబద్ధం కదా. దాన్ని వదిలేస్తే చాలు.

వయొలిన్_పక్కవాద్యం
కాలం తగ్గిస్తే మృదంగం వాయించేవారికి ముందే చెప్పి పెట్టుకోండి. ఆఖరి పల్లవి అనగానే ఆయన తీర్మానానికి సిద్ధమవుతారు, మీరేమో నెమ్మదిస్తారు. రిహార్సల్‌లో ఒకసారి చూసుకోకపోతే అక్కడ ఇద్దరూ చెరో దారీ పడతారు.

కొత్తబాణీ
రెండో పాదం వదిలేయడం నాకు తట్టలేదు. అది మనసుకు పట్టింది. మధ్యమావతి పల్లవి మీద ఆశ మాత్రం ఇంకా చావలేదు. "తలుపు" రిషభం మీద ఎత్తుకుని మధ్యమానికి వెళ్తే ఆనవాలు కొంచెం మిగులుతుందేమో చూస్తాను. ముఖారి, శుభపంతువరాళి రెండింటితోనూ పాడించి ఆడియో ఇక్కడే పెడతాను. విని చెప్పేటప్పుడు ముందుగా పల్లవి మొదటి గాంధారం వినండి, మూడో చరణం తరువాతది.

తాళపత్రం
పెట్టండి. ఆఖరి పల్లవి మోహనంలో కూడా ఒకటి పెట్టండి, రెండూ పక్కపక్కన వింటాం.